చిన్న భూకంపాలు పెద్ద బాకీని తీరుస్తాయా?

“మా అబ్బాయి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనబోతున్నాడు. అక్కడ అప్పుడప్పుడు చిన్న భూకంపాలు వస్తూనే ఉంటాయట. ఇల్లు చూపించిన ఏజెంటు ‘అవి మంచివే, లోపలి ఒత్తిడి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది, ఇక పెద్దది రాదు’ అన్నాడట. 2024 డిసెంబరులో ములుగు భూకంపానికి మా ఇంట్లో గిన్నెలు కదిలినప్పటి నుంచి నాకు ఈ విషయంలో మనశ్శాంతి లేదు. ఏజెంటు మాట నిజమేనా? అసలు ఆ ఒత్తిడి ఎక్కడ చేరుతుంది, ఎలా చేరుతుంది?”
— ఒక పాఠకుడు, హనుమకొండ

అయ్యా,

ఏజెంటు చెప్పిన కారణం తప్పు. ఫ్రీమాంట్ కింద ఒత్తిడి కొంత బయటికి పోతున్న మాట నిజమే కానీ, అది పోయేది చిన్న భూకంపాల వల్ల కాదు. చిన్న భూకంపాలు తీర్చే భాగం ఎంత స్వల్పమో కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. ఆ లెక్క చివర ఉంటుంది. దానికి ముందు ఆ ఒత్తిడి ఎలా పుడుతుందో, ఎక్కడ నిలుస్తుందో తెలియాలి.

కాలిఫోర్నియా తీరం వెంట రెండు పెద్ద భూఫలకాలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ సాగుతున్నాయి. తూర్పున ఉత్తర అమెరికా ఫలకం, పడమర పసిఫిక్ ఫలకం. మొదటిదానితో పోల్చి చూస్తే రెండోది వాయవ్యంగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. ఈ కదలికంతా ఒకే గీత మీద జరగదు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దానిలో పెద్ద వాటాను శాన్ ఆండ్రియాస్ భ్రంశం మోస్తుంది. మిగిలినదాన్ని దానికి ఇంచుమించు సమాంతరంగా ఉన్న మరికొన్ని భ్రంశాలు పంచుకుంటాయి. వాటిలో ఒకటైన హేవర్డ్ భ్రంశం ఓక్లండ్, హేవర్డ్ పట్టణాల గుండా వచ్చి ఫ్రీమాంట్ నడిమధ్య నుంచి సాగుతుంది. దాని వాటాకు వచ్చేది ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు. తరువాత మనం వేయబోయే లెక్కకు మూలం ఈ 9 మిల్లీమీటర్లే.

భ్రంశం అనగానే చాలామంది నేల నోరు తెరిచిన పగులును ఊహించుకుంటారు. నిజానికి అది రెండు రాతి గోడలు గట్టిగా ఒత్తుకుని నిలబడిన తలం. ఎనిమిది, పది కిలోమీటర్ల లోతున పైనున్న రాతి బరువు ఆ గోడలను ఎంత బలంగా నొక్కుతుందంటే, ఫలకాలు నెడుతున్నా అవి జారవు, బిగుసుకుపోయి ఉంటాయి. ఇంకా లోతుకు, సుమారు 12 కిలోమీటర్లకు కిందకు పోతే, అక్కడి వేడికి రాయి మెత్తబడి పెద్దగా చప్పుడు లేకుండా నెమ్మదిగా సాగుతుంది. అంటే కిందిది కదులుతోంది, దూరంగా ఉన్న ఫలకాలు కదులుతున్నాయి, మధ్యలో ఈ బిగుసుకున్న తలం ఒక్కటి మాత్రం కదలడం లేదు. ఆ తలానికి రెండు వైపులా పదుల కిలోమీటర్ల వెడల్పున ఉన్న రాయి రబ్బరులాగా కొద్దికొద్దిగా వంగుతూ పోతుంది. రాయి వంగుతుందా అని అనుమానం వద్దు. పాతిక కిలోమీటర్ల వెడల్పున ఒక మీటరు వంగడం రాతికి పెద్ద కష్టమేమీ కాదు, మన కంటికి కనబడదు, అంతే. మీరు అడిగిన ఒత్తిడి చేరేది ఆ వంపులోనే.

తరగతిలో దీన్ని చూపించడానికి నేను ఒక ఇటుకనూ, బల్ల మీద పరిచిన గరుకు కాగితాన్నీ వాడేవాడిని. ఇటుకకు ఒక రబ్బరు పట్టీ కట్టి, దాని కొసను చాలా నెమ్మదిగా, ఒకే వేగంతో లాగాలి. చెయ్యి సమంగానే కదులుతుంది కానీ ఇటుక కదలదు, పట్టీ మాత్రం సాగుతూ ఉంటుంది. ఒక క్షణాన ఇటుక ‘టక్కు’మని రెండంగుళాలు ముందుకు దూకి మళ్లీ ఆగిపోతుంది. ఎందుకు దూకుతుందంటే, ఆగి ఉన్న ఇటుకను కదిలించడానికి కావలసిన బలం కంటే, కదులుతున్న ఇటుకను కదలనివ్వడానికి కావలసిన బలం తక్కువ. ఒకసారి జారడం మొదలైతే ఘర్షణ పడిపోతుంది, పట్టీలో దాచుకున్న శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. ఇక్కడ విద్యార్థులను నేను గమనించమనే విషయం ఇంకొకటి ఉంది. పదిసార్లు లాగితే పది దూకుళ్లూ ఒకేలా ఉండవు. ఒకసారి అంగుళం, మరోసారి మూడు అంగుళాలు. చెయ్యి వేగం మారకపోయినా దూకుడుకూ దూకుడుకూ మధ్య వ్యవధి మారిపోతూ ఉంటుంది.

ఫలకం ఆ చెయ్యి, వంగిన రాయి ఆ పట్టీ, భ్రంశ తలం ఆ ఇటుక అడుగు. ఈ సంగతిని మొదట కొలతలతో నిరూపించినది శాన్ ఆండ్రియాస్ మీదే. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చినప్పుడు, నగరానికి ఉత్తరాన మారిన్ ప్రాంతంలో ఒక పొలం కంచె రెండుగా తెగి, ఒక ముక్క రెండో ముక్కకు సుమారు రెండున్నర మీటర్ల దూరం పక్కకు జరిగిపోయింది. హెన్రీ ఫీల్డింగ్ రీడ్ అనే శాస్త్రవేత్త ఆ కంచెతో సరిపెట్టుకోలేదు. అంతకు ముందు యాభై ఏళ్లలో ప్రభుత్వ సర్వేయర్లు కొండ శిఖరాల మధ్య, దీపస్తంభాల మధ్య కొలిచి పెట్టిన కోణాలను బయటికి తీయించి చూశాడు. భ్రంశానికి దూరంగా ఉన్న గుర్తులు భూకంపం రాక ముందే, దశాబ్దాలుగా, ఎదురెదురు దిశల్లో జరుగుతూ వచ్చాయని తేలింది. దూరపు నేల ముందే నడిచి వెళ్లిపోయింది, భ్రంశం పక్కనున్న నేల మాత్రం వెనకబడి ఉండి, ఆ ఉదయం ఒక్క గెంతుతో వెళ్లి దాన్ని కలుసుకుంది. భూకంపం అంటే వెనకబడిన నేల తన బాకీ తీర్చుకోవడమని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు ఫ్రీమాంట్ బాకీ చూద్దాం. హేవర్డ్ భ్రంశం మీద చివరి పెద్ద భూకంపం 1868 అక్టోబరు 21 ఉదయం వచ్చింది. దాని తీవ్రత సుమారు 6.8 ఉంటుందని అంచనా. దాదాపు 30 మంది చనిపోయారు. 1906 వచ్చే దాకా ఆ ప్రాంతపు జనం ‘ఆ పెద్ద భూకంపం’ అన్నది దీన్నే. 2025 నాటికి దానికి 157 ఏళ్లు. ఏడాదికి 9 మిల్లీమీటర్ల చొప్పున 157 ఏళ్లకు సుమారు 1.4 మీటర్లు. భ్రంశం ఆనాటి నుంచీ అసలు కదలకపోతే, బాకీ నిండా అంత ఉండాలి.

అయితే హేవర్డ్ భ్రంశానికి ఒక ప్రత్యేకత ఉంది. దాని పైభాగం పూర్తిగా బిగుసుకుని లేదు. ఉపరితలం నుంచి కొన్ని కిలోమీటర్ల లోతు వరకు అది భూకంపం లేకుండానే, ఏడాదికి సగటున 5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో నెమ్మదిగా జారుతూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని క్రీప్ అంటారు, మనం నెమ్మది జారుడు అనుకుందాం. హేవర్డ్ పట్టణంలో రోజ్ వీధి, ప్రాస్పెక్ట్ వీధి కలిసే మూలన రోడ్డు అంచున ఒక సిమెంటు గట్టు ఉండేది. భ్రంశం సరిగ్గా దాని కిందుగా పోతుంది. గట్టు కట్టినప్పుడు తిన్నగానే ఉంది. 1970ల నుంచి భూగర్భశాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి అక్కడే నిలబడి ఫోటోలు తీసుకుంటూ వచ్చారు. నాలుగు దశాబ్దాల్లో గట్టులోని ఒక ముక్క రెండో ముక్కను వదిలి దాదాపు జానెడు జరిగింది. వీధిలో నడిచేవారిలో ఎవరికీ ఆ కదలిక ఏనాడూ కాళ్ల కింద తెలియలేదు. 2016లో పురపాలక సిబ్బంది, అది దేనికి నిదర్శనమో తెలియక, కొత్త సిమెంటు పోసి గట్టును తిన్నగా చేసేశారు. వారిని తప్పు పట్టలేం, వంకరగా ఉన్న గట్టును సరిచేయడం వారి పని. ఏమైనా, ఒత్తిడి నిజంగా బయటికి పోయే దారి ఏదైనా ఉంటే అది ఈ నెమ్మది జారుడే. మీ అబ్బాయికి అప్పుడప్పుడు తెలిసే ఆ చిన్న కుదుపులు కావు.

కానీ ఈ జారుడు ఎంత లోతు వరకు ఉందన్నది ముఖ్యం. పైన కొన్ని కిలోమీటర్లు జారుతున్నా, దాని కింద సుమారు 12 కిలోమీటర్ల దాకా పెద్ద భాగాలు బిగుసుకునే ఉన్నాయని ఉపగ్రహ కొలతలు చూపిస్తున్నాయి. అక్కడ బాకీ తరగడం లేదు. సుమారుగా ఒక లెక్క వేద్దాం. 1868లో పగిలినట్టే 50 కిలోమీటర్ల పొడవు, బిగుసుకున్న భాగం ఎత్తు 7 కిలోమీటర్లు, జారాల్సిన దూరం 1.4 మీటర్లు అనుకుందాం. భూకంపం పరిమాణం ఈ మూడింటినీ, వాటితో పాటు రాతి బిరుసుదనాన్ని హెచ్చవేస్తే వస్తుంది. ఆ హెచ్చవేత ఫలితాన్ని మనకు పరిచయమైన తీవ్రత అంకెలోకి మారిస్తే 6.7 వస్తుంది. పొడవు, లోతు నేను గుండ్రంగా తీసుకున్న అంకెలు. వాటిని కొంత అటూ ఇటూ మార్చినా ఫలితం ఒకటి రెండు దశాంశాలే మారుతుంది.

ఇక చిన్న భూకంపాల సంగతి. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, రెండు అంకెలు పెరిగితే 1,000 రెట్లు. ఏజెంటు మాటలోని పొరపాటంతా ఈ నిచ్చెనను మరిచిపోవడంలోనే ఉంది. 6.7 తీవ్రత గల ఒక్క భూకంపం తీర్చే బాకీని 4 తీవ్రత గల భూకంపాలతో తీర్చాలంటే దాదాపు 11 వేలు కావాలి. అంటే 1868 నుంచి ప్రతి అయిదు రోజులకు ఒకటి, ఒక్కటీ తప్పకుండా, ఆ భ్రంశం మీదే వస్తూ ఉండాలి. 3 తీవ్రత గలవైతే మూడున్నర లక్షలు, రోజుకు ఆరేసి. 3 అంటే ఇంట్లో కూర్చున్నవారికి లారీ పోయినట్టు తెలిసే కుదుపు. అలాంటివి అక్కడ రోజుకు ఆరు రావడం లేదని మీ అబ్బాయే చెబుతాడు. లక్ష రూపాయల అప్పున్నవాడు వారానికి రూపాయి కడుతూ అప్పు తీరుతోందని నిశ్చింతగా ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

పైగా చిన్న భూకంపం ఒత్తిడిని తగ్గించేది తాను పగిలిన ఆ చిన్న ముక్క మీదనే. 3 తీవ్రత గలదానిలో జారే భాగం కొన్ని వందల మీటర్లకు మించదు. ఆ ముక్క వదిలేసిన బరువు ఎక్కడికీ పోదు, దానిలో కొంత పక్కనున్న బిగుసుకున్న రాతి మీదకే ఎక్కుతుంది. అందుకే కాలిఫోర్నియాలో ఒక భూకంపం వచ్చాక, వారం లోపల అంతకంటే పెద్దది వచ్చే అవకాశం సుమారు 5 శాతం ఉంటుందని లెక్క కట్టారు. నూటికి 95 సార్లు ఏమీ కాదు. అయినా, చిన్నది రావడం భద్రతకు సూచన అనడానికి ఆ లెక్కలో చోటు లేదు.

పెద్దది ఎంత కాలానికి ఒకసారి వస్తుందన్నదానికి సాక్ష్యం ఫ్రీమాంట్‌లోనే దొరికింది. అక్కడి బార్ట్ రైల్వే స్టేషన్ పక్కన టైసన్స్ లగూన్ అనే పాత మడుగు ఉంది. భ్రంశం వెంట నేల కుంగడం వల్లనే అది ఏర్పడింది. ఏటా వానలకు కొట్టుకొచ్చిన ఒండ్రు ఆ మడుగులో పొరమీద పొరగా పేరుకుంది. అమెరికా భూగర్భ సర్వేకు చెందిన జిమ్ లీన్‌కెంపర్, ఆయన సహచరులు అక్కడ కందకాలు తవ్వి, గోడలను నున్నగా చెక్కి ఆ పొరలను చదివారు. ఒక మట్టం వరకు పొరలన్నీ తెగి, వంగి, పగుళ్లలోకి మట్టి జారి ఉంటాయి, దాని మీది పొర మాత్రం చెక్కుచెదరకుండా అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఆ రెంటి మధ్య కాలంలో భూకంపం వచ్చిందన్నమాట. పొరల్లో చిక్కుకున్న గింజలు, బొగ్గు ముక్కల వయసును కార్బన్ పద్ధతిలో కట్టి తేదీలు నిర్ణయించారు. అలా సుమారు 1,900 ఏళ్లలో 12 పెద్ద భూకంపాలు బయటపడ్డాయి. వాటిలో చివరి అయిదూ రమారమి 1315, 1470, 1630, 1725, 1868 సంవత్సరాలవి. వాటి మధ్య వ్యవధులు 155, 160, 95, 143 ఏళ్లు. సగటు 138.

ఇది చూడగానే 157 ఏళ్లయింది కదా, గడువు దాటిపోయింది కదా అనిపిస్తుంది. పత్రికలు కూడా అలాగే రాస్తాయి. నేను ఆ మాట వాడను. ఇటుక దూకుళ్లు ఒకేలా ఉండవని పైన చెప్పాను, 95కూ 160కీ మధ్య ఉన్న తేడా కూడా అదే చెబుతోంది. పైగా ఈ భ్రంశం ఒంటరిది కాదు. పొరుగు భ్రంశం పగిలితే దీని మీది బరువు పెరగవచ్చు, తగ్గవచ్చు. 1989 అక్టోబరు 17న శాన్ ఆండ్రియాస్ దగ్గర లోమా ప్రియేటా భూకంపం 6.9 తీవ్రతతో వచ్చినప్పుడు ఒక చిత్రం జరిగింది. అంతకు ముందు ఫ్రీమాంట్ దక్షిణ భాగంలో ఏడాదికి 9 మిల్లీమీటర్ల చొప్పున జారుతున్న హేవర్డ్ భ్రంశం అప్పటి నుంచి దాదాపు ఆగిపోయింది. పొరుగున రాయి సర్దుకోవడంతో ఇక్కడ నెట్టే బలం కొంత సడలింది. ఆరేళ్లకు పైగా అలాగే ఉండి, 1996 ఫిబ్రవరిలో దాదాపు 2 సెంటీమీటర్లు ఒక్కసారిగా జారి మళ్లీ నడక మొదలుపెట్టింది. 1906 భూకంపం కూడా ఈ ప్రాంతపు భ్రంశాలన్నింటి మీదా ఇలాగే బరువు తగ్గించి ఉంటుంది. ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడ పెద్ద భూకంపాలు చాలా తక్కువగా వచ్చాయి. అందువల్ల 157 ఏళ్లూ ఒకే జోరుగా ఒత్తిడి ఎక్కిందని కూడా గట్టిగా అనలేం.

మరో సంగతి, నేను 50 కిలోమీటర్లతో లెక్క ముగించాను కానీ, హేవర్డ్ భ్రంశం ఉత్తరాన శాన్ పాబ్లో అఖాతం అడుగున రాడ్జర్స్ క్రీక్ అనే మరో భ్రంశంతో కలుస్తుందని 2016లో ప్రచురించిన సర్వే చూపించింది. రెండూ ఒకేసారి పగిలితే తీవ్రత 7 దాటుతుంది. తేదీ చెప్పడం సాధ్యం కాదు కనుక శాస్త్రజ్ఞులు అవకాశాన్నే చెబుతారు. 2014 నుంచి 2043 వరకు 30 ఏళ్లలో ఈ రెండు భ్రంశాల మీద 6.7 లేదా అంతకు మించిన భూకంపం వచ్చే అవకాశం 33 శాతమని అమెరికా భూగర్భ సర్వే అంచనా. ఇల్లు కొన్న అప్పు కూడా అక్కడ ఇంచుమించు 30 ఏళ్లే నడుస్తుంది కాబట్టి ఈ అంకె మీ అబ్బాయికి బాగా పనికొస్తుంది.

ములుగు సంగతి దీనితో కలపకండి. 5.3 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం భారత ఫలకం లోపలిది, దాని అంచున వచ్చినది కాదు. గోదావరి లోయ వెంట కోట్ల ఏళ్ల నాటి పాత పగుళ్లున్నాయి. ఉత్తరాన హిమాలయం దగ్గర ఆసియాతో ఢీకొంటున్న ఫలకం మొత్తం ఒత్తిడికి లోనై ఉండడంతో ఆ పాత పగుళ్లు ఎప్పుడో ఒకసారి జారుతాయి. 1969లో భద్రాచలం దగ్గర వచ్చినదీ అలాంటిదే. ఇక్కడ ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లని బాకీ రాసుకునే లెక్కపుస్తకం లేదు, ఎందుకంటే ఆ పగుళ్లకు రెండు వైపులా ఉన్న నేల ఇంచుమించు ఒకేలా కదులుతోంది.

ఇక ఇల్లు. భ్రంశ రేఖ మీద ఇల్లుండడం వేరు, భ్రంశానికి దగ్గర్లో ఉండడం వేరు. కుదుపు ఆ ప్రాంతమంతటికీ తగులుతుంది, దాన్ని తట్టుకునేలా ఇంటిని కట్టవచ్చు. కానీ పునాది కింద నేలే మీటరున్నర పక్కకు జరిగితే ఏ ఇనుపకడ్డీ ఆపలేదు. అందుకే 1972లో కాలిఫోర్నియా చేసిన ఆల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం, చురుకుగా ఉన్న భ్రంశానికి అడ్డంగా కొత్తగా నివాసాలు కట్టనివ్వదు. ఇల్లు ఆ చట్టం కింద భ్రంశం వెంట గుర్తించిన మండలంలో ఉంటే అమ్మేవారు కొనేవారికి రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఆ పత్రాన్ని ముందు చూడమనండి. అందులోనే నీళ్లూరి నేల బురదలా మారే ప్రమాదమున్న మండలాల వివరం కూడా ఉంటుంది. తరువాత పాత చెక్క ఇల్లయితే గోడల అడుగు దూలాన్ని పునాదికి బోల్టులతో బిగించారో లేదో పరీక్ష చేయించాలి. మామూలు ఇంటి బీమాలో భూకంప నష్టం ఉండదు, దానికి విడిగా బీమా తీసుకోవాలి.

పత్రాలు చూసిన తరువాత, ఆ వీధిలో ఒకసారి నడవమని కూడా చెప్పండి. నేల కుంగడం వల్ల, చెట్ల వేళ్ల వల్ల కూడా సిమెంటు పగులుతుంది. అలాంటి పగులులో ఒక ముక్క పైకి లేచో, కిందకు దిగో ఉంటుంది, పక్క ఇంటి ముందు ఆ జాడ ఉండదు. భ్రంశం పని వేరుగా ఉంటుంది. పగులుకు ఇవతల నిలబడి చూస్తే అవతలి గట్టు కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. అవతలికి వెళ్లి ఇటు తిరిగి చూసినా ఇవతలిది కుడికే జరిగి ఉంటుంది, ఎందుకంటే ఈ భ్రంశం ఎప్పుడూ ఆ ఒక్క దిశలోనే జారుతుంది. ఒక వీధిలో గట్టు, దాని వెనక వీధిలో కంచె, ఆ పై వీధిలో తారురోడ్డు మీద ఏటవాలు పగుళ్ల వరుస, ఇవన్నీ కుడికే జరిగి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒకే గీత మీద కుదిరితే, మీ అబ్బాయి హేవర్డ్ భ్రంశం మీద నిలబడి ఉన్నాడన్నమాట. చూస్తున్న ఇల్లు ఆ గీతకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి, ఆ తరువాతే బేరం మాట్లాడమనండి.